తెల్ల అక్షరాలు కంపెనీ తెరమీద నల్లగానే కనిపిస్తాయి

ప్రశ్న: మాది కావలి. బీకాం కంప్యూటర్స్ చేసి, నెల్లూరులో రొయ్యల మేత డీలర్ దగ్గర రెండున్నరేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఎన్ని చోట్ల అప్లై చేసినా ఒక్క ఫోనూ రావడం లేదు. ట్రంకు రోడ్డులో రెజ్యూమె చేసిచ్చిన డీటీపీ అతను, జేడీ, అంటే ఉద్యోగ ప్రకటనలో ఉండే పని వివరాలు, మొత్తం తెచ్చి చివర్లో తెల్ల అక్షరాలతో పెట్టాడు. సాఫ్ట్‌వేర్ చదువుతుంది, మనుషులకు కనపడదు అన్నాడు. స్కిల్స్‌లో కూడా ఒక్కో మాట నాలుగైదుసార్లు వేశాడు. ఇది పనిచేస్తుందా? ఇప్పటికే రెండు కంపెనీలకు పంపేశాను.

సమాధానం:

ఆ డీటీపీ అతను చెప్పినదాంట్లో మొదటి సగం నిజమే. సాఫ్ట్‌వేర్ ఆ తెల్ల అక్షరాలను తప్పకుండా చదువుతుంది. చిక్కంతా రెండో సగంతోనే, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ చదివినది చివరకు ఒక మనిషి ముందున్న తెరమీదికే వస్తుంది, అక్కడికి వచ్చేసరికి ఆ అక్షరాలకు తెల్లదనం మిగలదు. నేను పదహారేళ్లుగా ఆ తెరకు ఇవతలి వైపు కూర్చుంటున్నాను. మొదట చెన్నైలో ఒక కన్సల్టెన్సీలో పనిచేశాను, తర్వాత శ్రీసిటీలోనూ కృష్ణపట్నం ఓడరేవు చుట్టుపక్కలా ఉన్న కంపెనీలకు మనుషులను చూసిపెట్టే పనిలో ఉన్నాను. ఈ తెల్ల అక్షరాల రెజ్యూమెలు నాకు ఏడాదికి కొన్నయినా వస్తూనే ఉంటాయి.

ఫైలు లోపల ఏముంటుందో ముందు చూద్దాం. మనకు తెల్ల కాగితం మీద తెల్ల అక్షరం కనపడదు కాబట్టి, ఫైలులో కూడా అది ఎక్కడో దాక్కుని ఉంటుందని అనుకుంటాం. అయితే రంగు అనేది అక్షరంలో భాగం కాదు, దాని పక్కన రాసిపెట్టిన ఒక సూచన మాత్రమే. మీ వర్డ్ ఫైలును విప్పి చూస్తే ఆ భాగం దాదాపు ఇలా ఉంటుంది:

```
<w:color w:val="FFFFFF"/>
<w:sz w:val="2"/>
<w:t>SAP FICO GST TDS</w:t>
```

మొదటి వరుస రంగు తెలుపని చెబుతుంది. రెండో వరుస అక్షరం పరిమాణం ఒక పాయింటు అని చెబుతుంది, వర్డ్ అర పాయింట్లలో లెక్కిస్తుంది కనుక అక్కడ 2 అని ఉంది. మూడో వరుసలో ఉన్నది అసలు మాట. కంపెనీల దగ్గరుండే ఏటీఎస్, అంటే దరఖాస్తులను నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్, రెజ్యూమెను అందుకోగానే సాధారణంగా ఆ మూడో వరుస లాంటి వాటినే ఏరుకుంటుంది, పై రెండింటినీ వదిలేస్తుంది. పీడీఎఫ్‌లోనూ ఇంతే, రంగు ఒక ఆదేశంగా వేరుగా ఉంటుంది, మాటలు వేరుగా ఉంటాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు రంగునూ పరిమాణాన్నీ కూడా గమనించి అనుమానపు గుర్తు పెట్టగలవు, కానీ ఆ గుర్తు పెట్టనివాటితోనూ మీకు ఒరిగేదేమీ లేదు. ఏరుకున్న మాటలన్నీ ఒకే రంగులో, ఒకే పరిమాణంలో రిక్రూటర్‌కు కనిపిస్తాయి.

ఏరుకున్న తర్వాత సాఫ్ట్‌వేర్ ఆ మాటలను గళ్లలో సర్దుతుంది. పేరు ఒక గడిలో, ఊరు ఒక గడిలో, ప్రస్తుత కంపెనీ, అనుభవం, నైపుణ్యాలు తలా ఒక గడిలో పడతాయి. ఏది ఎక్కడ పెట్టాలో అది శీర్షికలను, తేదీలను, ఏ మాట దేని పక్కన ఉందో అన్న సంగతిని బట్టి ఊహిస్తుంది. శీర్షికా తేదీలూ లేకుండా చివర్లో కుమ్మరించిన జేడీ ఈ ఊహను ఎలా చెడగొడుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను.

రెండేళ్ల కిందట ఓడరేవు దగ్గర సరకు రవాణా చేసే ఒక కంపెనీ అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ కావాలంది. కనీసం మూడేళ్ల అనుభవం, జీఎస్‌టీ రిటర్నులు, ఈ-వే బిల్లులు, పెద్ద కంపెనీలు లెక్కలకు వాడే శాప్ సాఫ్ట్‌వేర్ తెలిసి ఉండటం వాళ్ల షరతులు. వచ్చిన దరఖాస్తుల్లో ఒకదాని దగ్గర నేను ఆగిపోయాను. అభ్యర్థి నెల్లూరులో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేస్తున్నాడు, కానీ సాఫ్ట్‌వేర్‌లో అతని ప్రస్తుత కంపెనీ గడిలో నన్ను మనిషిని వెతకమన్న కంపెనీ పేరే ఉంది. ఊరు గడిలో కృష్ణపట్నం అని ఉంది. ఆ కంపెనీలో ఇప్పటికే ఉన్నవాడు బయటివాళ్ల కోసం వేసిన ఉద్యోగానికి ఎందుకు పెట్టుకున్నాడా అని అనుమానం వచ్చి, సాఫ్ట్‌వేర్ ఏరిన మాటలను చివరిదాకా చదివాను. కంపెనీ పేరు తీసేస్తే చివరి వరుసలు ఇలా ఉన్నాయి:

```
I hereby declare that the above information
is true to the best of my knowledge.
SAP FICO SAP FICO GST GST E-way bill Minimum
3 years experience required. Krishnapatnam
```

మన రెజ్యూమెలన్నిటికీ చివర్లో డిక్లరేషన్ ఒకటి ఉండటం ఆచారం. పైనున్న సమాచారమంతా నిజమని ప్రమాణం చేసి, సంతకం పెట్టి, ఆ సంతకం కిందే దాచిన మాటలు పెట్టాడు. కిందున్నదానికి ఆ ప్రమాణం వర్తించదని అతని ఉద్దేశమేమో! నవ్వుకున్నాను గానీ, జరిగింది మాత్రం నవ్వుకునేది కాదు. ఉద్యోగ ప్రకటన వాక్యాలనే అతని జీవిత చరిత్రగా సాఫ్ట్‌వేర్ నమోదు చేసుకుంది. అనుభవం కావాలని అడిగే వాక్యం రెజ్యూమెలో కనిపించిందంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో ఏ రిక్రూటర్‌కైనా క్షణంలో తెలుస్తుంది.

ఏరిన మాటలను నాలాగా చివరిదాకా చదవనివాళ్లకు కూడా ఇది దొరికిపోయే దారులు ఉన్నాయి. వీటిలో ఏదీ దొంగను పట్టే పని కాదు, రోజువారీ పనిలో వాటంతట అవే బయటపడతాయి. మేము రెజ్యూమె తెరవగానే చాలాసార్లు చేసేది కావాల్సిన మాట కోసం వెతకడం. శాప్ అని వెతికితే ఆరు చోట్ల ఉందని చూపి, అందులో అయిదు కాగితం అడుగున ఖాళీ జాగాలో పసుపు మచ్చలుగా మెరిస్తే ఇక చెప్పేదేముంది. వర్డ్ ఫైలయితే స్పెల్లింగ్ తప్పనుకున్న మాటల కింద ఎర్రగీతలు వస్తాయి, అక్షరం తెల్లగా ఉన్నా గీత ఎర్రగానే ఉంటుంది, కనుక శూన్యం కింద ఎర్రగీతలు బారులు తీరుతాయి. రెండు పేజీల రెజ్యూమెకు మూడో పేజీ ఖాళీగా వచ్చినా అంతే, మొత్తం సెలెక్ట్ చేసి చూడాలనిపిస్తుంది.

ఇప్పుడు మాటలను పదేపదే వేయడం సంగతి. దీని వెనుక ఉన్న ఊహ ఏమిటంటే, సాఫ్ట్‌వేర్ ప్రతి మాటనూ లెక్కపెట్టి, ఎక్కువసార్లు ఉన్నవాణ్ని పైన కూర్చోబెడుతుందని. వెతుకులాట అలా జరగదు. మేము ఎక్కువగా రాసే ప్రశ్న, జీఎస్‌టీ ఉండాలి, దాంతోపాటు టాలీ గానీ శాప్ గానీ ఉండాలి అన్న తీరులో ఉంటుంది. అలాంటి ప్రశ్నకు జవాబు ఉంది లేదా లేదు, ఒకసారి ఉన్నా ఇరవైసార్లు ఉన్నా సమానమే. ఫలితాలను వరుసలో పేర్చే సాఫ్ట్‌వేర్లలోనైనా పునరుక్తికి దక్కే విలువ చాలా తొందరగా అడుగంటుతుంది.

దీనికి ఒక లెక్క ఉంది. వెతుకులాట యంత్రాలకు ఆధారంగా విస్తృతంగా వాడే లూసీన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 2016 నుంచి బీఎం25 అనే సూత్రం మామూలు అమరికగా ఉంది. ఆ అమరిక ప్రకారం, సగటు నిడివి గల పత్రంలో ఒక మాట ఒక్కసారి ఉంటే దానికి వచ్చే బరువు 1 అనుకుంటే, రెండుసార్లు ఉంటే సుమారు 1.38, అయిదుసార్లు ఉంటే 1.77, ఇరవైసార్లు ఉంటే 2.08 వస్తుంది. ఇక ఎన్నిసార్లు రాసినా 2.2 దాటదు. అంతేకాక నిడివికి కోత ఉంటుంది. జేడీ అంతా అతికించడం వల్ల మీ పత్రం సగటుకు రెట్టింపు అయిందనుకోండి, అప్పుడు అందులో ఒక్కసారి ఉన్న ప్రతి మాట బరువూ 1 నుంచి సుమారు 0.71కి పడిపోతుంది. అంటే మీరు నిజంగా చేసిన పనిని చెప్పే మాటల విలువను మీరే తగ్గించుకున్నట్టు. అన్ని ఏటీఎస్‌లూ ఈ సూత్రాన్నే వాడతాయని నేను అనడం లేదు. కొన్ని గళ్లలోని మాటలను మాత్రమే చూస్తాయి, కొన్ని అర్థాన్ని పోలుస్తాయి. అయితే ఒక మాటను అయిదుసార్లు రాస్తే అయిదింతల విలువ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను నేనింతవరకు వాడలేదు.

వంద రెజ్యూమెలు వస్తే డెబ్బై అయిదింటిని మనిషి చూడకముందే సాఫ్ట్‌వేర్ చెత్తబుట్టలో వేస్తుందన్న మాట ఒకటి చాలాకాలంగా తిరుగుతోంది. దాని వెనుక చెప్పుకోదగ్గ అధ్యయనమేదీ లేదు, దాన్ని ఎక్కువగా ప్రచారం చేసేది రెజ్యూమెలు దిద్ది డబ్బు తీసుకునేవాళ్లే. నేను చూసినంతలో సాఫ్ట్‌వేర్ తనంతట తాను తిరస్కరించేది ఎక్కువగా దరఖాస్తు ఫారంలోని ప్రశ్నలకు మీరిచ్చిన జవాబుల వల్లనే. మూడేళ్ల అనుభవం ఉందా అన్న చోట లేదని నొక్కితే అక్కడితో ఆగిపోవచ్చు. తెల్ల అక్షరాలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేవు.

లారీ ఆఫీసు అబ్బాయి దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే నన్ను బాధపెట్టిన సంగతి ఇంకా చెప్పలేదు. రెజ్యూమె పక్కన పెట్టేసే బదులు, కుతూహలం కొద్దీ అతనికి ఫోన్ చేశాను. శాప్‌లో కొనుగోలు ఆర్డరు లేకుండా వచ్చిన వెండర్ బిల్లును ఎక్కడ ఎంటర్ చేస్తారని అడిగాను. శాప్ మీద ఆరు నెలలు పనిచేసిన అకౌంటెంట్ ఎవరైనా `FB60` అని తడుముకోకుండా చెబుతారు, ఆర్డరు ఉన్న బిల్లయితే `MIRO` అంటారు. అతను కాసేపు మౌనంగా ఉండి, శాప్ తాను చూడలేదనీ, రెజ్యూమె చేసినవాళ్లు పెట్టారనీ ఒప్పుకున్నాడు. సరే, మీ ఆఫీసులో రోజూ ఏం చేస్తారో చెప్పండి అన్నాను. అప్పుడు మాత్రం ఆగకుండా చెప్పాడు. యాభై వేల రూపాయలు దాటిన సరకుకు ఈ-వే బిల్లు తీయడం, దారిలో లారీ చెడిపోయి సరకు వేరే బండికి మారిస్తే పార్ట్-బీలో బండి నంబరు మార్చడం, రెండు వందల కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు లెక్కేసుకుని అది ముగియకముందే పొడిగించుకోవడం, నెలనెలా జీఎస్‌టీఆర్-2బీని కొనుగోళ్ల రిజిస్టరుతో సరిచూసి ఏ సరఫరాదారు బిల్లు చూపలేదో పట్టుకోవడం, ఇవన్నీ అతని చేతి పనులే.

ఆ కంపెనీకి కావాల్సింది సరిగ్గా ఇదే. శాప్ నెలరోజుల్లో నేర్పుకుంటారు, ఈ-వే బిల్లు గడువు అర్ధరాత్రికి ముగుస్తుంటే ఏం చేయాలో తెలిసినవాడు అంత సులువుగా దొరకడు. కానీ ఈ పనుల్లో ఒక్కటి కూడా అతని రెజ్యూమెలో కంటికి కనిపించే భాగంలో లేదు. అక్కడ ఉన్నది, అకౌంట్స్‌కు సంబంధించిన అన్ని పనులూ చూస్తాను అన్న ఒక్క వాక్యం, దాని కింద ఎక్సెల్, టాలీ, కష్టపడే స్వభావం అంటూ ఒక చిట్టా. నిజమైన మాటలు ఎక్కడా లేవు, లేనివి మాత్రం తెల్లగా దాగి ఉన్నాయి.

నేను నచ్చజెప్పి చూశాను. కంపెనీ ఫైనాన్స్ మేనేజరు అప్పటికే తన తెరమీద ఆ చివరి వరుసలు చూసేశారు. బిల్లులు, చెల్లింపులు అప్పగించబోయే మనిషి, మొదటి కాగితంలోనే కనపడకుండా రాతలు పెట్టాడంటే రేపు వోచర్లను ఎలా నమ్మమంటారని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. వేరే ఉద్యోగమైతే చూసీచూడనట్టు పోయేవారేమో, అకౌంట్స్‌లో అది కుదరదు. ఆయన కారణం రాసి దరఖాస్తును మూసేశారు. ఆ రాత అభ్యర్థి పేరుతోపాటు అక్కడే ఉంటుంది. మరో ఏడాదికి అదే కంపెనీలో వేరే ఉద్యోగానికి అదే ఫోన్ నంబరుతో, అదే మెయిల్‌తో పెట్టుకుంటే పాత దరఖాస్తు, దాని కింది రాత, రెండూ కొత్తగా చూసేవారి ముందుకు వస్తాయి.

ఇప్పుడు మీ రెజ్యూమె. మేత డీలర్ దగ్గర రెండున్నరేళ్లు అంటున్నారు. ఆ కౌంటరు ఎలా ఉంటుందో మన జిల్లావాడిగా నాకు కొంత తెలుసు. రైతుకు మేత అప్పుగా ఇస్తారు, పట్టుబడి అయ్యాక డబ్బు వస్తుంది, మధ్యలో నాలుగు నెలలు బాకీల ఖాతా మోయాలి. ఎన్ని రైతు ఖాతాలు చూస్తున్నారో, బాకీలు ఎన్ని రోజులవో వేరుచేసి జాబితా తీస్తారో లేదో, కంపెనీ నుంచి వచ్చే డిస్కౌంటు క్రెడిట్ నోట్లను ఎవరు సరిచూస్తారో, బ్యాంకు సరిపోల్చడం వారానికోసారి చేస్తారా నెలకోసారా, ప్రతి నెలా 11వ తేదీలోపు జీఎస్‌టీఆర్-1కు కావాల్సిన అమ్మకాల వివరాలు ఆడిటరు గారికి మీరే పంపుతారా, ఇవి రాయండి. రిటర్ను ఆడిటరు ఆఫీసులో దాఖలవుతుంటే మీరు దాఖలు చేసినట్టు రాయకండి, వివరాలు సిద్ధం చేస్తానని రాయండి. ఫోనులో అడిగే రెండో ప్రశ్నే ఆ తేడాను బయటపెడుతుంది.

అప్పుడు జేడీని పక్కన పెట్టుకుని, మీరు రాసిన పనికి వాళ్లు ఏ పేరు వాడారో చూడండి. మీరు బాకీల జాబితా అన్నదాన్ని వాళ్లు రిసీవబుల్స్ ఏజింగ్ అంటే, అది నిజంగా అదే పని కాబట్టి, ఆ పేరునే వాక్యంలో వాడండి. పొట్టిపేరూ పూర్తిపేరూ రెండూ ఉండే మాటలకు ఒక్కోసారి రెండూ రాయండి, ఎవరు ఏ రూపంతో వెతుకుతారో తెలియదు కనుక. ఒక మాట నైపుణ్యాల్లో ఒకసారి, చేసిన పనిలో ఒకసారి వస్తే చాలు. మొదటిది వెతికినప్పుడు దొరకడానికి, రెండోది దొరికాక నమ్మడానికి. జేడీలో ఉండి మీకు రాని మాటను రాయకండి. నేర్చుకుంటున్నట్టయితే నేర్చుకుంటున్నానని కనిపించేలా, నల్లగా రాయండి, అది తప్పేమీ కాదు.

మీ ఫైలు కంపెనీ తెరమీద ఎలా కనపడుతుందో పంపకముందే చూసుకోవచ్చు. పీడీఎఫ్‌ను తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించండి. పాప్లర్ అనే ఉచిత సాధనం కంప్యూటర్లో ఉంటే ఈ ఆదేశం కూడా అదే పని చేస్తుంది:

```
pdftotext resume.pdf -
```

వచ్చిన మాటలను పైనుంచి కిందికి చదవండి. దాచినవన్నీ అక్కడ తేలతాయి. దాంతోపాటు ఇంకో సంగతి కూడా తెలియవచ్చు. డీటీపీ షాపుల్లో అందం కోసం రెండు నిలువు వరుసలుగా చేసే రెజ్యూమెల్లో, ఎడమవైపు ఫోన్ నంబరు కుడివైపు కంపెనీ పేరు మధ్యలో దూరిపోతూ ఉంటుంది. బొమ్మగా అతికించిన భాగమైతే అసలు రానే రాదు. మీకు ఫోన్లు రాకపోవడానికి ఇది కూడా కారణం కావచ్చు, కాబట్టి ఒకే నిలువు వరుసలో, మామూలు శీర్షికలతో మళ్లీ టైపు చేయించండి. వర్డ్ ఫైలు కూడా అడిగి తీసుకోండి, లేకపోతే ప్రతి చిన్న మార్పుకూ ట్రంకు రోడ్డుకు వెళ్లాల్సి వస్తుంది.

పంపేసిన రెండు కంపెనీల విషయంలో, వాళ్ల పోర్టల్‌లో లాగిన్ అయ్యి రెజ్యూమె మార్చే వీలుంటే ఈరోజే మార్చండి. మెయిల్‌లో పంపి ఉంటే, సవరించిన రెజ్యూమె జతచేస్తున్నాను, దయచేసి దీన్నే పరిశీలించగలరు అని ఒక వాక్యంతో మళ్లీ పంపండి, అంతకుమించి వివరణ అక్కరలేదు. పాత ఫైలు వాళ్ల దగ్గర ఉండిపోవచ్చు. ఎవరైనా ఫోన్ చేసి ఆ అక్షరాల గురించి అడిగితే షాపువాళ్ల మీదికి నెట్టకండి. చూసుకోకుండా పంపడం నా పొరపాటు, తీసేశాను, ఇప్పుడున్న ప్రతి మాటకూ జవాబు చెప్పగలను అనండి. ఆ వెంటనే వాళ్లు అడగబోయేది బాకీల ఖాతా గురించే కనుక, కిందటి నెల జాబితాను చేతికి అందేలా పెట్టుకోండి.